పత్రాలు పోయినా పాడైనా: డూప్లికేట్లు, ధ్రువీకృత నకళ్లు

పదో తరగతి మెమో, డిగ్రీ పట్టా, జనన ధ్రువపత్రం, ఇంటి దస్తావేజు వంటివి పోయినప్పుడు, చిరిగినప్పుడు, తడిసి చెడిపోయినప్పుడు వాటి స్థానంలో చెల్లుబాటయ్యే మరో ప్రతిని పొందే పద్ధతి ఈ వ్యాస విషయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఆచరణ ఇందులో ఆధారం. అన్ని పత్రాలనూ పైపైన తడమకుండా ఎక్కువ ఇళ్లలో చిక్కు తెచ్చే రెండింటిని, అంటే పది మెమోను, స్థిరాస్తి దస్తావేజును ఇక్కడ వివరంగా చూస్తాం.

మన బీరువాలో ఉండే ఇలాంటి పత్రం ఏదైనా సరే, దానికి ఎక్కడో ఒక రిజిస్టరులో నమోదు ఉంటుంది. పది మార్కులు పరీక్షల విభాగం రికార్డులో ఉంటాయి. పుట్టిన తేదీ పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన రిజిస్టరులో ఉంటుంది. అమ్మకం దస్తావేజు మొత్తం పాఠం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పుస్తకంలో ఉంటుంది. కాగితం పోయినంత మాత్రాన ఆ నమోదు పోదు. కాబట్టి పత్రం కనిపించని రోజున వేసుకోవలసిన మొదటి ప్రశ్న "దీని రిజిస్టరు ఎవరి దగ్గర ఉంది, అందులో నా నమోదును ఏ నంబరుతో పట్టుకోవాలి" అన్నది. ఈ రెండూ తెలిస్తే మిగిలింది తిరుగుడే. తెలియకపోతే అఫిడవిట్లు ఎన్ని రాయించినా ఫైలు కదలదు.

మూడు రకాల ప్రతులు

డూప్లికేట్, ధ్రువీకృత నకలు, అటెస్టెడ్ కాపీ అనే మూడింటినీ జనం ఒకటిగా అనుకోవడం వల్లే సగం దరఖాస్తులు వెనక్కి వస్తాయి. డూప్లికేట్ అంటే అసలును ఇచ్చిన సంస్థే దాని బదులుగా మళ్లీ ఇచ్చే పత్రం. దాని మీద "డూప్లికేట్" అని ముద్ర ఉంటుంది, అసలు చేసే పనులన్నీ అదీ చేస్తుంది. బోర్డులు, విశ్వవిద్యాలయాలు ఇచ్చేవి ఈ కోవలోవి.

ధ్రువీకృత నకలు వేరు. ప్రభుత్వ రికార్డును భద్రపరిచే అధికారి, అందులో ఉన్నది ఉన్నట్టుగా తీసి, "ఇది నిజమైన నకలు" అని సంతకం చేసి ఇచ్చేది. దీన్నే వాడుకలో సర్టిఫైడ్ కాపీ అంటారు. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 75వ సెక్షను దీనికి ఆధారం. నకలు అడుగున అది నిజమైన నకలన్న వాక్యం, తేదీ, అధికారి పేరు, హోదా, సంతకం ఉండాలి. ముద్ర వాడే అధికారి అయితే ముద్ర కూడా ఉండాలి. కౌంటరు దగ్గర నకలు చేతికి అందగానే అక్కడే నిలబడి ఈ అడుగు భాగాన్ని చదువుకోవాలి. తేదీ లేని నకలును, హోదా చెరిగిన ముద్రను బ్యాంకు లీగల్ అడ్వకేటు పక్కన పెట్టేస్తారు. అప్పుడు మళ్లీ మొదటి నుంచీ తిరగాలి.

అటెస్టెడ్ కాపీ అంటే మీ చేతిలోని అసలును, దాని జిరాక్సును పక్కపక్కన పెట్టి చూసి గెజిటెడ్ అధికారో నోటరీయో సరిపోయాయని చేసే సంతకం. రిజిస్టరుతో వారికి సంబంధం లేదు. అసలు పోయాక పాత జిరాక్సును తీసుకుని నోటరీ దగ్గరికి వెళ్లి అటెస్ట్ చేయించడం అర్థం లేని పని. సరిచూడటానికి అసలే లేనప్పుడు ఆ సంతకం దేనికి సాక్ష్యం? అయినా ఇలాంటి కాపీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవారు ఎందరో ఉన్నారు. వారికి ముందే ఎవరో ఒకరు ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది.

పది మెమో పోతే

చదువు పత్రాలన్నిటిలో పది మెమోకు ఉన్న బరువు మరొకదానికి లేదు. పుట్టిన తేదీకి, తండ్రి పేరుకు, ఇంటిపేరు అక్షరాలకు ఉద్యోగాల్లోనూ పాస్‌పోర్టులోనూ చూపేది అదే. మన రాష్ట్రాల మెమోలో రెండు పుట్టుమచ్చల వివరం కూడా రాస్తారు. దీన్ని ఇచ్చేది ప్రభుత్వ పరీక్షల విభాగం. డూప్లికేట్ కోసం దరఖాస్తు చివరగా చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా వెళ్లడం ఆనవాయితీ. అడ్మిషన్ రిజిస్టరులోని పేరు, తేదీ, పుట్టుమచ్చలతో అభ్యర్థిని పోల్చి చెప్పగలిగేది ఆయనే గనుక ఆ ఏర్పాటు. దరఖాస్తుకు జత చేసేవి సాధారణంగా నాలుగు: పోలీసుల నుంచి తెచ్చిన పత్రం, నోటరీ ముందు చేసిన అఫిడవిట్, రుసుము కట్టిన చలానా, పోయిన మెమో జిరాక్సు ఉంటే అది. రుసుము మారుతుంటుంది కాబట్టి ఆ ఏడాది ఉత్తర్వు చూసి కట్టాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1998 మార్చిలో నరసరావుపేట దగ్గరి ఒక ప్రైవేటు హైస్కూల్లో పది పాసైన ఒకావిడ పెళ్లయ్యాక హైదరాబాదులో స్థిరపడింది. ఇల్లు మారుతుంటే సర్టిఫికెట్ల ఫైలు మొత్తం పోయింది. చదివిన బడి ఎప్పుడో మూతపడింది.

ఆమె ముందుగా తేల్చుకోవలసింది ఏ రాష్ట్రానికి రాయాలన్నది. ఉంటున్న చోటుతో పనిలేదు, బడి ఉన్న చోటే లెక్క. నరసరావుపేట ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి ఆ రాష్ట్ర పరీక్షల విభాగానికే దరఖాస్తు వెళ్లాలి. అప్పటి మెమోలో జిల్లా గుంటూరు అని ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఇప్పుడా ఊరు ఆ జిల్లాది. దరఖాస్తులో రెండూ రాయాలి. లేకపోతే వెతికే గుమస్తా పల్నాడు పేరుతో 1998 రికార్డుల్లో ఏమీ దొరకదని తిప్పి పంపే ప్రమాదం ఉంది.

తర్వాతిది హాల్ టికెట్ నంబరు. ఏ ఏడాది, ఏ నెల పరీక్ష, ఏ నంబరు అన్న మూడూ కలిస్తేనే పాత రికార్డులో వరుస దొరుకుతుంది. మార్చిలో తప్పి తర్వాత సప్లిమెంటరీలో పాసైనవారు మార్చి అని రాస్తే దొరకదు. ఫైలు మొత్తం పోయిన ఈమెకు ఆ నంబరు ఎక్కడిది? ఇంటర్ చదివిన కాలేజీ ప్రవేశాల రికార్డులో వెతకాలి. ఉద్యోగం చేసిన చోట చేరేటప్పుడు ఇచ్చిన జిరాక్సులు సర్వీసు ఫైల్లో ఉంటాయి. పాస్‌పోర్టుకు ఇచ్చిన స్కాన్ ఏదైనా పాత ఈమెయిల్లో పడి ఉండవచ్చు. చాలామందికి నంబరు చివరికి పాత ఆఫీసు ఫైల్లోనే దొరుకుతుంది.

బడి మూతపడింది కాబట్టి ప్రధానోపాధ్యాయుడి సంతకం ఎవరు చేయాలన్నది మరో చిక్కు. గుర్తింపు ఉన్న బడి మూసేటప్పుడు అడ్మిషన్ రిజిస్టర్లను విద్యాశాఖకు అప్పగించాలి. అవి సాధారణంగా మండల విద్యాధికారి కార్యాలయంలోనో, ఆయన సూచించిన పక్క ప్రభుత్వ ఉన్నత పాఠశాలలోనో ఉంటాయి. కాబట్టి ఆమె ముందు వెళ్లవలసింది ఎంఈఓ ఆఫీసుకు. అక్కడ రికార్డు ఎక్కడుందో రాతపూర్వకంగా తెలుసుకుని, దాన్ని భద్రపరుస్తున్నవారి చేత దరఖాస్తును పంపించాలి. ఈ ఒక్క పనికి పట్టేంత సమయం మిగతా పనులన్నిటికీ కలిపినా పట్టదు.

ఇక పేరు. ఆమె ఆధార్‌లో భర్త ఇంటిపేరు ఉంది, రిజిస్టరులో పుట్టింటి పేరు ఉంది. దరఖాస్తు రిజిస్టరులోని పేరుతోనే చేయాలి. ఇద్దరూ ఒకరేనని చూపడానికి వివాహ ధ్రువపత్రం జత చేయాలి. ఈ సందర్భంలోనే చాలామంది "ఎలాగూ కొత్తది ఇస్తున్నారు కదా, తండ్రి పేరులో అక్షరం కూడా సరిచేయించుకుందాం" అనుకుంటారు. డూప్లికేట్ అంటే రికార్డులో ఉన్నది మళ్లీ అచ్చు వేయడమే. సవరణకు వేరే దరఖాస్తు, వేరే విచారణ ఉంటాయి. రెండూ కలిపి అడిగితే రెండూ ఆగిపోతాయి. ముందు డూప్లికేట్ తెచ్చుకుని, ఆ తర్వాతే సవరణకు వెళ్లాలి.

పోలీసు పత్రం, అఫిడవిట్

"ఎఫ్ఐఆర్ తెండి" అని ఆఫీసుల్లో అలవాటుగా అంటారు గానీ కాగితం పోగొట్టుకోవడం నేరం కాదు. దొంగతనం జరిగితేనే ఎఫ్ఐఆర్. ఊరికే పోతే స్టేషన్లో ఫిర్యాదు రాసుకుని జనరల్ డైరీలో నమోదు చేస్తారు, కొంత వ్యవధి తర్వాత వెతికినా దొరకలేదని ఒక పత్రం ఇస్తారు. మన సంస్థలకు కావలసింది నిజానికి ఈ రెండో పత్రమే. ఫిర్యాదు ఇచ్చిన రసీదును పట్టుకెళ్తే సరిపోదని తిప్పి పంపుతారు. పై ఉదాహరణలోని ఆమె ఫైలు పోయింది హైదరాబాదులో, కాబట్టి ఫిర్యాదు కూడా అక్కడి స్టేషన్లోనే. బడి నరసరావుపేటలో ఉందని అక్కడి పోలీసుల దగ్గరికి వెళ్లనవసరం లేదు. ఫిర్యాదులో ఏ పత్రమో, ఏ ఏడాదిదో, హాల్ టికెట్ నంబరుతో సహా విడివిడిగా రాయాలి. "సర్టిఫికెట్లు పోయాయి" అని మూకుమ్మడిగా రాసిన పత్రం ఏ ఒక్కదానికీ పనికిరాదు. పని త్వరగా అవుతుందని పోయినదాన్ని దొంగిలించారని రాయించకూడదు. లేని నేరాన్ని నమోదు చేయించినట్టవుతుంది.

అఫిడవిట్లో నాలుగు మాటలు తప్పక ఉండాలి. పత్రం ఎప్పుడు, ఎలా పోయింది. దాన్ని ఎవరి దగ్గరా తాకట్టు పెట్టలేదు. ఏ అధికారీ దాన్ని రద్దు చేయలేదు, స్వాధీనం చేసుకోలేదు. తర్వాత అసలు దొరికితే రెండింటిలో ఒకటి తిరిగి అప్పగిస్తాను. చివరి మాట లాంఛనం కాదు. ఒకే నమోదుకు రెండు చెల్లుబాటు పత్రాలు బయట తిరగకూడదన్నదే ఈ తతంగమంతటి ఉద్దేశం.

ఇక్కడ ఒక అన్యాయం గురించి చెప్పాలి. ఫీజు బాకీ ఉందని కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను పట్టి ఉంచుకోవడం మన రాష్ట్రాల్లో పాత జబ్బు. విసిగిపోయిన పిల్లలు పోయాయని అఫిడవిట్ ఇచ్చి డూప్లికేట్ తెచ్చుకోవడానికి సిద్ధపడతారు. అది తప్పుడు ప్రమాణం అవుతుంది, కేసు కూడా అవుతుంది. ఆ అవసరమే లేదు. ఒరిజినల్స్‌ను ఉన్నత విద్యా సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా ప్రకటన ఇచ్చింది. వెళ్లవలసింది పోలీసు స్టేషనుకు కాదు. ముందు కాలేజీకి రాతపూర్వకంగా అడగాలి, ఆ తర్వాత అనుబంధ విశ్వవిద్యాలయానికి, యూజీసీకి ఫిర్యాదు చేయాలి.

దస్తావేజుకు డూప్లికేట్ ఉండదు

అమ్మకం దస్తావేజు సంగతి పూర్తిగా వేరు. అది ప్రభుత్వం ఇచ్చిన ధ్రువపత్రం కాదు, అమ్మినవారు కొన్నవారికి రాసి ఇచ్చిన కాగితం. సబ్ రిజిస్ట్రార్ దాన్ని నమోదు చేసి తిరిగి ఇచ్చాడు. అందుకే రిజిస్ట్రేషన్ శాఖ కొత్త అసలును పుట్టించలేదు. తన పుస్తకంలోని పాఠానికి ధ్రువీకృత నకలు మాత్రమే ఇవ్వగలదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ఈ హక్కు ఇస్తుంది. అసలులో ఏముందో రుజువు చేయడానికి ఆ నకలు చెల్లుతుందని కూడా అదే సెక్షను చెబుతోంది. స్థిరాస్తి దస్తావేజులు ఉండే ఒకటో పుస్తకం నకళ్లు రుసుము కడితే ఎవరైనా తీసుకోవచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసిన మనిషి బతికి ఉన్నంతకాలం ఆ నకలు ఆయనకో ఆయన ఏజెంటుకో మాత్రమే ఇస్తారు, చనిపోయాక ఎవరైనా అడగవచ్చు. నాలుగో పుస్తకంలోని దస్తావేజులకు అందులోని పక్షాలకే నకలు.

దరఖాస్తుకు కావలసినవి దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్టరైన కార్యాలయం పేరు. దస్తావేజు నంబర్లు ఏటా ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి సంవత్సరం లేని నంబరుతో పనికాదు. ఇవి తెలియకపోతే ఈసీ తీయాలి. 1983 నుంచి జరిగిన లావాదేవీలకు ఈసీ కంప్యూటర్లో దొరుకుతుంది. సర్వే నంబరో ఇంటి నంబరో ఇచ్చి వెతికితే ఆ ఆస్తి మీద జరిగిన దస్తావేజుల నంబర్లు బయటపడతాయి. అంతకు ముందువాటికి కార్యాలయంలోనే పాత సూచికలు తిప్పించాలి. ఒకటో సూచిక మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో ఉంటుంది. తాతగారి పేరు ఏ అక్షరాలతో రాశారో తెలియనప్పుడు రెండో సూచికే దిక్కు.

నకలు రావడం కష్టం కాదు. అసలు సమస్య ఆ తర్వాత, ఆస్తిని అమ్మబోయినప్పుడో అప్పు తీసుకోబోయినప్పుడో మొదలవుతుంది. 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం దస్తావేజును బ్యాంకు చేతిలో పెట్టి అప్పు తీసుకుంటేనే తనఖా ఏర్పడిపోతుంది. వేరే తనఖా దస్తావేజు రిజిస్టరు కానక్కరలేదు. అంటే "అసలు పోయింది" అని అమ్మేవారు చెబుతున్న దస్తావేజు నిజంగా పోయి ఉండవచ్చు, ఏదో బ్యాంకు లాకరులోనో వడ్డీ వ్యాపారి ఇనప్పెట్టెలోనో క్షేమంగా ఉండవచ్చు కూడా. కొనేవారికి భయం అందుకే, ఆ భయం న్యాయమైనదే. ధ్రువీకృత నకలు దస్తావేజులో ఏముందో చెబుతుంది. అసలు ఎక్కడుందో చెప్పదు.

అందువల్ల అసలు లేని ఆస్తిని కొనబోయేవారు మూడు పనులు చేయించాలి. ఆస్తి వివరాలతో, దస్తావేజు నంబరుతో తెలుగు, ఇంగ్లిష్ పత్రికల్లో ప్రకటన వేయించి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. పోలీసుల నుంచి దొరకలేదన్న పత్రం చూడాలి. సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో ఆ ఆస్తి పేరిట వెతకాలి. బ్యాంకులు తమ దగ్గర పెట్టిన దస్తావేజుల తనఖాలను అక్కడ నమోదు చేస్తాయి, రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. ప్రైవేటు అప్పుల జాడ అక్కడా దొరకదు. దానికి పత్రికా ప్రకటనొక్కటే రక్షణ, అది కూడా సగం రక్షణే. ధర తక్కువగా ఉందని ఈ పనులు వదిలేసేవారు పెద్ద ప్రమాదాన్నే కొనుక్కుంటున్నట్టు.

దస్తావేజును పోగొట్టింది బ్యాంకే అయితే భారం మీది కాదు. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలని, ఆలస్యం తమ వల్లే అయితే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. పత్రాలు పోతే నకళ్లు తెప్పించడానికి సాయపడి ఖర్చు భరించవలసిందీ బ్యాంకే. దీనికి మాత్రం మరో 30 రోజుల వెసులుబాటు ఇచ్చారు. "మీరే సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి తెచ్చుకోండి" అని బ్రాంచిలో చెబితే ఒప్పుకోనక్కరలేదు.

జనన ధ్రువపత్రం

ఇది అన్నిటికంటే తేలిక. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం రిజిస్టరు నుంచి ఎన్నిసార్లయినా ప్రతి తీసుకోవచ్చు కాబట్టి పోలీసుల పత్రం ఊసు రాదు. మీసేవలోనో ఆంధ్రలోని గ్రామ, వార్డు సచివాలయంలోనో అడగవచ్చు. పుట్టిన చోటి పంచాయతీ లేదా మున్సిపాలిటీయే లెక్క, ఉంటున్న ఊరు కాదు. రిజిస్టరులో నమోదే లేదని తేలితే అది పోయిన పత్రం సంగతి కాదు, ఆలస్య నమోదు సంగతి. దాని దారి వేరు.

తడిసినవి, చిరిగినవి

పాడైన పత్రానికి పోలీసులతో పనిలేదు. ఉన్న ముక్కలన్నీ అప్పగించి డూప్లికేట్ తీసుకోవాలి. నంబరు, ముద్ర ఉన్న ముక్కలు మిగిలితే వెతుకులాట తప్పుతుంది కాబట్టి చెదలు తిన్న కాగితాన్నైనా పారేయకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నీరు నిలిచినట్టు వరద వచ్చినప్పుడు, తడిసిన ఫైలును ఎండలో పరిచి విడదీయబోవడం సహజంగా తోచే పని. దానివల్ల కాగితం ముడుచుకుని చిరుగుతుంది. కవరులోంచి నెమ్మదిగా తీసి, ఒక్కొక్క దాని మధ్య తెల్లకాగితం పెట్టి, నీడలో ఫ్యాను గాలికి ఆరనిచ్చి, తడి పీల్చిన కాగితాలను మారుస్తూ ఉండాలి. కవరుకు అతుక్కున్న పత్రాన్ని పీకకూడదు. అక్షరాలు కవరుకే ఉండిపోతాయి. ముందు కవరుతో సహా రెండు వైపులా ఫోటో తీయాలి. లామినేషన్ కాపాడుతుందని చాలామంది చేయిస్తారు. కానీ విదేశాలకు వెళ్లేటప్పుడు అటెస్టేషన్ ముద్ర పత్రం మీదే వేయాలి, ప్లాస్టిక్ పొర మీద అది నిలవదు. పొర తీయబోతే సిరా దాంతోపాటే లేచివస్తుంది.

డిజిలాకర్, విదేశాల్లో ఉన్నవారు

2015లో మొదలైన డిజిలాకర్‌లో "ఇష్యూడ్ డాక్యుమెంట్స్" కింద కనిపించేవి ఇచ్చిన సంస్థ రికార్డు నుంచి నేరుగా వచ్చినవి. డిజిటల్ లాకర్ నిబంధనల ప్రకారం వాటికి అసలుతో సమాన విలువ ఉంది. మీరు స్కాన్ చేసి ఎక్కించుకున్నవి అలా కాదు, అవి దాచుకున్న జిరాక్సులే. ఇటీవలి బ్యాచ్‌ల పది, ఇంటర్ మెమోలు అందులో దొరుకుతాయి. పాత బ్యాచ్‌లవారు కాగితం డూప్లికేట్‌కే వెళ్లాలి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి పత్రం పోగొట్టుకున్నవారు అఫిడవిట్‌ను అక్కడి భారత కాన్సులేటులో చేసి, ఇక్కడి బంధువుకు అధికార పత్రం ఇచ్చి దరఖాస్తు పెట్టించవచ్చు. విదేశీ మదింపు సంస్థలు అడిగే ట్రాన్స్‌క్రిప్ట్ మాత్రం డూప్లికేట్ కాదు. అది విశ్వవిద్యాలయం సీలు వేసిన కవరులో, లేదా తానే నేరుగా పంపేది. ఆ కవరును విప్పి చూసుకుంటే మళ్లీ తెప్పించుకోవలసిందే.

మీ ఇంట్లో ప్రతి ఒక్కరి పది హాల్ టికెట్ నంబరు, నెల, సంవత్సరం, అలాగే ప్రతి ఆస్తి దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పేరు ఒక కాగితం మీద రాసి, ఆ పత్రాలున్న ఫైల్లో కాకుండా వేరే ఇంట్లో ఒక ప్రతి ఉంచండి.